ఫొటో యాప్, ఉపగ్రహ పటం, వాన అంచనా: రెండెకరాల వరికి ఏది ఎప్పుడు పనికొస్తుంది

పోయిన సార్వా సంగతి. అక్టోబరు మూడో వారంలో మా బాబాయి మక్తాకు చేస్తున్న రెండెకరాల స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, ఈనిక పూర్తయి పాలు పోసుకుంటోంది. మడి మధ్యలో నాలుగు చోట్ల, మంచం పరిచినంత మేర, ఆకులు పసుపు తిరిగి ఎండడం మొదలైంది. ఆయన కొడుకు గట్టు మీద నిలబడి ఒక ఆకు ఫొటో తీసి యాప్‌లో పెట్టాడు. అర నిమిషంలో జవాబు వచ్చింది: బ్యాక్టీరియా ఎండాకు తెగులు, నమ్మకం 84 శాతం, ఫలానా మందు కొట్టండి. అదే ఫోన్‌లో వాతావరణం యాప్ సాయంత్రం వానకు 60 శాతం అవకాశం అంటోంది. వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపిన ఉపగ్రహ పటంలో మాత్రం చేను నిండా పచ్చరంగే. "ఇంతకీ మందు కొట్టాలా వద్దా? కొడితే ఇవాళా, రేపా?" అని బాబాయి నన్ను అడిగాడు.

కోనసీమలో, పశ్చిమ డెల్టాలో ఇప్పుడు చాలామంది ఈ స్థితిలోనే ఉన్నారు. సలహాలు ఎక్కువయ్యాయి, ఒకదానికొకటి పొసగడం లేదు. అసలు ఈ మూడూ ఒకే ప్రశ్నకు జవాబు చెప్పేవి కావు. ఫొటో యాప్ "ఇది ఏమై ఉండొచ్చు" అని చెబుతుంది. ఉపగ్రహ పటం "ఎక్కడ తేడాగా ఉంది" అని చెబుతుంది. వాన అంచనా "ఎప్పుడు చేయాలి" అన్నదానికి పనికొస్తుంది. "చేయాలా వద్దా" అన్నది మాత్రం మడిలో దిగి లెక్కపెట్టి తేల్చుకోవాల్సిందే. ఎకరం, రెండెకరాల రైతుకు డబ్బు పెట్టకుండా దొరికే ఫొటో యాప్, వాతావరణ శాఖ బులెటిన్ చాలని నా అభిప్రాయం. డబ్బు కట్టి ఉపగ్రహ సేవ తీసుకోవడం దండగ. ఎందుకో చెబుతాను.

ఆ రోజు మడిలో ఏం తేలింది

యాప్ చెప్పింది నిజమో కాదో చూడటానికి ఒక గాజు గ్లాసు చాలు. ఎండాకు తెగులు బ్యాక్టీరియా వల్ల వస్తుంది. తెగులు పడ్డ ఆకును పచ్చదనం, ఎండు కలిసే చోట కత్తిరించి, కోసిన కొసను తేట నీళ్ళలో ముంచి కదపకుండా ఉంచితే, కొద్ది నిమిషాల్లో కోత దగ్గర నుంచి పాలలాంటి సన్నటి దారం నీళ్ళలోకి దిగుతుంది. మేం నాలుగు ఆకులు కోసి పావుగంట చూశాం. నీళ్ళు తేటగానే ఉన్నాయి.

తర్వాత లోపలికి దిగి, ఎండిన చోటు అంచున దుబ్బును రెండు చేతులతో విప్పి, మొదలు మీద అరచేత్తో తట్టాం. నీళ్ళ మీద గోధుమరంగు పురుగులు గింజలు చల్లినట్టు పడి, మళ్ళీ ఎగిరి కాడను పట్టుకున్నాయి. సుడిదోమ. చేను గుండ్రంగా సుడులు సుడులుగా ఎండుతుంది కాబట్టే దానికి ఆ పేరు. అది ఆకు మీద ఉండదు, నీటి మట్టానికి కాస్త పైన కాడను పట్టుకుని రసం పీలుస్తుంది. ఆకులో కనిపించే ఎండు దాని ఫలితం మాత్రమే. గట్టు మీద నుంచి తీసిన ఆకు ఫొటోలో దోమ లేనే లేదు. లేని పురుగును యాప్ ఎలా చూస్తుంది?

ఇక్కడ ఆ 84 శాతం గురించి ఒక మాట. చాలామంది దాన్ని "నూటికి 84 వంతులు ఈ తెగులే" అని చదువుతున్నారు. దాని అర్థం అది కాదు. యాప్‌కు కొన్ని తెగుళ్ళ ఫొటోలు చూపించి నేర్పిస్తారు. కొత్త ఫొటో పెట్టినప్పుడు, తనకు తెలిసిన జాబితాలో ఇది దేనికి ఎక్కువ దగ్గరగా ఉందో అది లెక్క కడుతుంది. అసలు కారణం ఆ జాబితాలో లేకపోయినా, ఫొటోలో కనబడకపోయినా, ఉన్నవాటిలోనే ఒకదాన్ని ఎంచుతుంది. ఈ లెక్కలో "నాకు తెలియదు" అనే మాట దానంతట అది రాదు, తయారుచేసినవాళ్ళు ప్రత్యేకంగా నేర్పాలి.

నేర్పిన ఫొటోలు ఎక్కడివి అన్నది ఇంకో చిక్కు. ఈ రంగంలో ఎక్కువమంది వాడిన తొలి ఫొటోల సంగ్రహం ప్లాంట్‌విలేజ్. అందులో 14 పంటల ఆకుల ఫొటోలు 54,306 ఉన్నాయి. 2016లో వచ్చిన పరిశోధన పత్రంలో దాని మీద 99 శాతానికి పైగా సరైన జవాబులు వచ్చాయి. అలా నేర్పిన అదే కంప్యూటర్ నమూనాకు వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలు చూపిస్తే సరైన జవాబులు 31 శాతం దగ్గరికి పడిపోయాయని అదే పత్రంలో రాశారు. ఆ సంగ్రహంలోని ఆకులన్నీ తెంపి, సాదా నేపథ్యం మీద పెట్టి తీసినవి. ఆ 14 పంటల్లో వరి లేదు కూడా. ఇప్పటి యాప్‌లు అక్కడే ఆగిపోలేదు, వరికి వేరే ఫొటోలతో నేర్పుతున్నారు. అయినా ఎవరైనా "95 శాతం కచ్చితత్వం" అంటే, ఆ ఫొటోలు ఎవరి చేలో, ఏ వెలుతురులో తీసినవి అని అడగండి.

అలాగని ఫొటో యాప్ పనికిరాదని కాదు. గుర్తు ఆకు మీదో, కంకి మీదో స్పష్టంగా ఉండే వాటిలో అది బాగానే చెబుతుంది. అగ్గితెగులు నూలు కండె ఆకారపు మచ్చ, ఆకుముడత పురుగు చుట్టిన తెల్లచారల ఆకు, ఉల్లికోడు గొట్టం, కంకి మీద మానిపండు ఉండ లాంటివి. మొదటిసారి వ్యవసాయం చేస్తున్న కుర్రాడికి ఇది మంచి సాయం. రంగు మారడం తప్ప వేరే గుర్తు లేని చోటే అది తడబడుతుంది. పసుపు తిరగడానికి నత్రజని లోపం కావచ్చు, జింకు లోపం కావచ్చు, టుంగ్రో వైరస్ కావచ్చు, మురుగు నిలవ కావచ్చు, సముద్రం దగ్గరి శివారు భూముల్లో ఉప్పు కూడా కావచ్చు. ఇవన్నీ ఫొటోలో అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. అలాంటప్పుడు యాప్ చెప్పిన పేరును అనుమానంగా మాత్రమే తీసుకుని, ఆకులూ వేర్లతో సహా ఒక దుబ్బు పీకి రైతు సేవా కేంద్రంలోనో, వీలైతే మార్టేరు పరిశోధనా స్థానంలోనో చూపించడం మంచిది.

ఫొటో తీసే తీరులో కూడా సగం ఫలితం ఉంటుంది. ఒక్క ఆకు సరిపోదు. ఎండిన చోటు మొత్తం కనబడేలా ఒకటి, ఆకు దగ్గరగా ఒకటి, ఆకు వెనకవైపు ఒకటి, దుబ్బు విప్పి మొదలు కనబడేలా ఒకటి తీయాలి. ఎండ సూటిగా పడకుండా మన నీడలో, ఫ్లాష్ లేకుండా తీయాలి. నాలుగు ఫొటోలకు నాలుగు వేర్వేరు జవాబులు వచ్చాయంటే యాప్‌కు తెలియట్లేదనే అర్థం. కేంద్ర వ్యవసాయ శాఖ 2024 ఆగస్టు 15న మొదలుపెట్టిన పురుగు తెగుళ్ళ నిఘా యాప్ ఎన్‌పీఎస్‌ఎస్ ఉంది. మందులు అమ్మే సంస్థల యాప్‌లూ ఉన్నాయి. జబ్బు పేరు చెప్పిన చోటే కొనుగోలు బటన్ ఉంటే, ఆ పేరును మరోచోట కూడా సరిచూసుకోండి.

లెక్క పెడితేనే మందు మాట

సుడిదోమ ఉందని తేలినంత మాత్రాన మందు కొట్టాలని లేదు. పిలకల దశలో దుబ్బుకు 10 నుంచి 15, ఈనిక దశలో 20 నుంచి 25 దాటితే మందు అవసరమని మన దగ్గర చెప్పే హద్దు. మేం రెండెకరాల్లో ఐదు చోట్ల, చోటుకు నాలుగు దుబ్బుల చొప్పున 20 దుబ్బులు తట్టి చూశాం. చోటువారీ సగటులు 12, 38, 9, 27, 14. మొత్తం మీద సగటు సరిగ్గా 20. సగటు చూస్తే హద్దు మీద ఉన్నాం. విడివిడిగా చూస్తే రెండు చోట్ల హద్దు దాటింది, మూడు చోట్ల దాటలేదు. ఆ మూడు చోట్ల సాలీళ్ళు, దోమను తినే పచ్చ మిరిడ్ నల్లులు బాగానే కనిపించాయి. ఈ లెక్క ఏ ఫొటో ఇవ్వదు. మిత్రపురుగులను లెక్కించడం అసలే రాదు.

అందుకని ఎండిన చోట్లకు, వాటి చుట్టూ నాలుగైదు గజాల మేరకు మాత్రమే కొడదామని, మిగతా చేను మూడో రోజు మళ్ళీ తట్టి చూద్దామని అనుకున్నాం. దోమకు కొట్టే పైమెట్రోజిన్ మందు పూర్తి ఎకరానికి 120 గ్రాములు, 200 లీటర్ల నీటిలో కలపాలి. మేం కొట్టే మేర ఎంతో లెక్కేసి అంతే కలిపాం. నాజిల్ దుబ్బు మొదలుకు తగలాలి, పైపైన ఆకు మీద కొడితే దోమకు చేరదు. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు మాత్రం వద్దు. అవి సాలీళ్ళను చంపి దోమను మళ్ళీ పెంచుతాయి. యాప్ మాట విని ఎండాకు తెగులు మందు కొట్టి ఉంటే దోమకు ఏమీ అయ్యేది కాదు, ఆ నాలుగు రోజుల్లో సుడులు కలిసిపోయేవి.

చిన్న కమతంలో సలహాకూ పనికీ మధ్య దూరం అక్కడే తెలిసింది. దోమకు మందు కంటే ముందు చేయాల్సింది మడిలో నీళ్ళు తీసేయడం. ఏ యాప్ అయినా "నీటిని తీసివేయండి" అని ఒక్క ముక్కలో చెబుతుంది. బాబాయి మడి నీళ్ళు పోవాలంటే కింది మడి మీదుగానే పోవాలి. ఆ రైతు ముందురోజే యూరియా చల్లాడు, నీళ్ళు వదిలితే అతని ఎరువు కొట్టుకుపోతుంది. ఆ కింద మురుగు కాలువ గుర్రపుడెక్కతో నిండి ఉంది. ఒకరోజు ఆగి, ఇద్దరూ మాట్లాడుకుని, గట్టు పక్కన సన్న బోదె తీసి నీళ్ళు వదిలారు. పక్కచేలో దోమ ఉంటే మనం ఎంత కొట్టినా అది మళ్ళీ వస్తుంది. సలహా ఒక మడి పేరున వస్తుంది కానీ నీళ్ళూ దోమా గట్టు చూసి ఆగవు. వరసగా ఉన్న నలుగురు రైతులు ఒకే రోజు దుబ్బులు తట్టి చూసుకుంటే, ఏ యాప్ కంటే ఎక్కువ తెలుస్తుంది.

ఉపగ్రహ పటం మనకెందుకు చాలదు

ఉచితంగా దొరికే వాటిలో మంచిదైన సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రంలో ఒక చుక్క నేల మీద 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అంటే ఎకరానికి 40 చుక్కలు. చదరంగా ఉన్న ఎకరంలో పక్కకు ఆరు చుక్కలు పడితే మొత్తం 36. అందులో అంచు చుక్కలు 20. వాటిలో గట్టు, గట్టు మీది కొబ్బరిచెట్టు నీడ, పక్కచేను కలిసిపోతాయి. నికరంగా మన చేను చెప్పేవి 16. మన దగ్గర మడులు సన్నగా పొడవుగా ఉంటాయి. 20 మీటర్ల వెడల్పు, 200 మీటర్ల పొడవున్న ఎకరంలో అచ్చంగా మన పైరే ఉన్న చుక్కల వరస ఒక్కటి మించి దొరకడం కష్టం. మంచమంత సుడి ఆ నూరు చదరపు మీటర్ల చుక్కలో కలిసిపోతుంది. అందుకే వాట్సాప్‌లో వచ్చిన పటంలో చేను పచ్చగానే ఉంది.

ఉపగ్రహం ఐదు రోజులకోసారి వస్తుంది, కానీ సార్వాలో మబ్బు తీయని వారాలే ఎక్కువ. దాళ్వాలో ఆకాశం తేటగా ఉంటుంది కాబట్టి కాస్త నయం. ఒక కాలువ కింద వందల ఎకరాల్లో ఏ శివారుకు నీరందలేదో చూడాల్సిన ఇంజనీరుకు, పంట నష్టం అంచనా వేసే అధికారికి ఈ పటం బాగా పనికొస్తుంది. రెండెకరాల రైతు దానికి డబ్బు కట్టనక్కర్లేదు.

వాన అంచనా: దేన్ని ఎలా చదవాలి

ఇక్కడ పోటీ ప్రధానంగా రెండింటి మధ్య. వాతావరణ శాఖ ప్రతి మంగళ, శుక్రవారాల్లో ఐదు రోజుల అంచనాతో ఇచ్చే వ్యవసాయ బులెటిన్ ఒకటి. అది మేఘదూత్ యాప్‌లో తెలుగులోనూ వస్తుంది. ఫోన్‌లో మబ్బు బొమ్మ, శాతం చూపించే ప్రైవేటు యాప్ రెండోది. రెండోది మన ఊరి పేరు రాసి, గంట గంటకూ చూపిస్తుంది కాబట్టి అదే నిఖార్సయినదని అనిపిస్తుంది. నిజానికి వెనకున్న లెక్క మన ఊరి కోసం కట్టింది కాదు. మన వాతావరణ శాఖ 2025 మేలో మొదలుపెట్టిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లోనే, లెక్క కోసం నేలను గడులుగా విడదీస్తే ఒక గడి పొడవూ వెడల్పూ 6 కిలోమీటర్లు. ఒక్క గడిలో దాదాపు తొమ్మిది వేల ఎకరాలు పడతాయి. ఊరి పేరు కనిపించినంత మాత్రాన ఆ ఊరికి వేరే లెక్క ఉన్నట్టు కాదు.

బులెటిన్ భాష తెలిస్తే అందులో చాలా ఉంది. "ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించి వాన పడదని. "చాలా చోట్ల" అంటే సగానికి పైగా కేంద్రాల్లో పడుతుందని. "భారీ వర్షం" అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు, ఆపైన. కాబట్టి "ఒకటి రెండు చోట్ల మోస్తరు వాన" అన్న రోజు మన చేలో పడకపోతే అంచనా తప్పినట్టు కాదు.

మందు కొట్టడానికి ఐదు రోజుల అంచనా అక్కర్లేదు, వచ్చే కొన్ని గంటలు తెలిస్తే చాలు. ఆ రోజు 60 శాతం అన్నది సాయంత్రానికి. మన దగ్గర ఉరుముల వాన ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే కడుతుంది. ఉదయం మంచు ఆరాక మొదలుపెట్టి పదకొండుకల్లా ముగిస్తే, మందు ఆరడానికి నాలుగు గంటలు దొరుకుతాయి. మొదలుపెట్టే ముందు వాతావరణ శాఖ సైట్‌లో మచిలీపట్నం రాడార్ చిత్రం చూడాలి. రంగు మచ్చలు మనవైపు కదులుతున్నాయా లేదా అన్నది ఏ శాతం కంటే బాగా చెబుతుంది. మేం నీళ్ళు తీసిన మర్నాడు ఇలాగే చూసి కొట్టాం.

ఈ మధ్య కృత్రిమ మేధ నమూనాలతో రుతుపవనాల రాకను వారాల ముందే చెబుతున్నారు. 2025లో కేంద్ర వ్యవసాయ శాఖ 13 రాష్ట్రాల్లో 3.8 కోట్ల మంది రైతులకు అలాంటి సందేశాలు పంపింది. వానమీద విత్తే మెట్ట రైతుకు అది బంగారం. డెల్టాలో మనం నారు పోసేది ధవళేశ్వరం నుంచి కాలువకు నీరు వదిలే తేదీని బట్టి. మనకు ఆ సందేశం కంటే ఆ తేదీ ముఖ్యం.

మీ ఊరికి ఏ అంచనా కుదురుతుందో తేల్చుకోవడానికి నిలువు గోడలున్న డబ్బా ఒకటి చెట్టు నీడ పడని చోట పెట్టి, రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు స్కేలుతో నీళ్ళ లోతు కొలవండి. పక్క గడిలో ముందురోజు అంచనా రాయండి. నెల రోజుల్లో మీ యాప్ ఎన్నిసార్లు వాన అని పడలేదో, ఎన్నిసార్లు లేదని పడిందో తెలుస్తుంది. కోతల్లో మనల్ని ముంచేది రెండో రకం తప్పు.

కోత దగ్గర లెక్క మారుతుంది

నవంబరులో బాబాయి చేను కోతకొచ్చింది. గింజలు నూటికి ఎనభై పైన బంగారు రంగు తిరిగాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం, నాలుగో రోజుకు వాన అన్నారు. ఇక్కడ శాతాన్ని బస్తాల్లోకి మార్చి చూసుకోవాలి. ఇప్పుడే కోస్తే పచ్చి గింజ వల్ల, ఎక్కువ ఆరబెట్టడం వల్ల రెండెకరాల మీద రెండు బస్తాల మేర నష్టం అనుకుందాం. కోయకుండా ఉంచి, గాలివానకు పడిపోతే పదిహేను బస్తాలు పోతాయి అనుకుందాం. వాన అవకాశం 40 శాతమైతే ఆగడం వల్ల సగటు నష్టం ఆరు బస్తాలు, కాబట్టి కోసేయాలి. 10 శాతమైతే ఒకటిన్నర బస్తా, ఆగొచ్చు. అంకెలు మీ చేనివి వేసుకోండి, పద్ధతి ఇదే.

తుపాను అయితే పటంలో దాని దారి చూపే గీత ఒక్కదాని మీదే కళ్ళు పెట్టుకోవద్దు. నరసాపురం నుంచి కాకినాడకు నేరుగా ఎనభై కిలోమీటర్లే. రెండు రోజుల ముందు చెప్పిన తీరం దాటే చోటు అటూ ఇటూ పదుల కిలోమీటర్లు జరగడం మామూలే. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అక్కడికి అమలాపురం 180 కిలోమీటర్ల దూరం, అయినా గోదావరి జిల్లాల్లో వడ్లు తడిసిపోయాయి.

అంచనా నిజమైనా చిన్న రైతుకు చిక్కు మిగిలే ఉంటుంది. నాలుగో రోజు వాన అన్న కబురు అందరి ఫోన్లకూ ఒకేసారి వస్తుంది. చిత్తడి నేలలో నడిచే చైన్ మిషన్లు ఊరికి రెండో మూడో ఉంటాయి. మిషన్ వాడు ముందు పదెకరాల బిట్టుకు వెళతాడు, రెండెకరాల వంతు చివరికి వస్తుంది. కోసినా, తేమ 17 శాతానికి దిగితే తప్ప కొనుగోలు కేంద్రంలో తీసుకోరు, ఆరబెట్టే జాగా కౌలు రైతుకు ఉండదు. బాబాయి, పక్కనున్న ముగ్గురూ కలిసి ఏడెకరాలను ఒకే బిట్టుగా చెప్పి మిషన్ పిలిచారు. బరకాలు ముందురోజే అద్దెకు తెచ్చి రోడ్డు పక్కన జాగా పట్టుకున్నారు. మూడో రోజు రాత్రికి బాబాయి చేను కోత అయింది. నాలుగో రైతు అరెకరం మిగిలిపోయి వానకు పడిపోయింది. వాన తెరిపివ్వగానే నీళ్ళు తీసి, కంకులు మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకుల మీద కొట్టి, ఎండ కాశాక కోశాం.